బైబిలు కాదు, ఒక్క తావు కాగితం

అచ్చుయంత్రం కథ ఎవరు చెప్పినా జర్మనీలోని మైన్జ్ పట్టణంలోనే మొదలుపెడతారు. గుటెన్‌బర్గ్, సీసపు అక్షరాలు, 1455 నాటికి పూర్తయిన 42 పంక్తుల బైబిలు. అక్కడినుంచి ఒక్క గెంతు గెంతి, జ్ఞానం అందరికీ అందుబాటులోకి వచ్చేసింది, జనం చదువుకున్నారు, మతగురువుల పెత్తనం పోయింది అని ముగించేస్తారు. స్కూల్లో మాకూ ఇలాగే చెప్పారు. ఈ కథతో నాకు పేచీ ఉంది. ఆ గెంతులో దాటేసిన అరవై డెబ్భై ఏళ్లలోనే అసలు సంగతంతా ఉంది.

1500 సంవత్సరం వచ్చేసరికి ఐరోపా అంతటా కలిపి దాదాపు ముప్పై వేల రకాల ముద్రణలు బయటికొచ్చాయి. వాటిలో పదింట ఏడు దాకా లాటిన్‌లోనే. అంటే అంతకుముందు చేతిరాత పుస్తకాలు కొనుక్కున్న పాదిరీలు, లాయర్లు, యూనివర్సిటీ పండితులే ఇప్పుడు అచ్చు పుస్తకాలూ కొన్నారు, కాస్త చవగ్గా, కాస్త ఎక్కువగా. జర్మన్‌లో, ఇటాలియన్‌లో పుస్తకాలు రాలేదని కాదు. జర్మన్ మత సంస్కర్త మార్టిన్ లూథర్ కంటే ముందే జర్మన్‌లో బైబిలు చాలాసార్లు అచ్చయింది కూడా. కానీ చదువరి మారలేదు. చదువరిని మార్చింది ఒక్క తావు కాగితం మీద అచ్చయ్యే ఎనిమిది పేజీల పొత్తం అని నా వాదన. ఎందుకో తెలియాలంటే ముందు డబ్బు లెక్క చూడాలి.

ఆ కాలపు ప్రెస్సులో పని ఇలా జరిగేది. కంపోజిటర్ ఒక్కో అక్షరం ఏరి పేజీ పేరుస్తాడు. ఆ అక్షరాలు సీసం, తగరం, ఆంటిమొనీ కలిపిన లోహంతో పోతపోసినవి. అలా పేర్చి బిగించిన పేజీల మీద ఒకడు తోలు బంతులతో సిరా అద్దుతాడు. తోలు మెత్తగా ఉండడానికి రాత్రిళ్లు ఆ బంతుల్ని మూత్రంలో నానబెట్టేవారు కాబట్టి ఆ గదిలో వాసన ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. రెండోవాడు ముందే తడిపి ఉంచిన కాగితం పరిచి, మీట పట్టి లాగుతాడు. అచ్చయిన తావుల్ని తాళ్ల మీద ఆరేస్తారు. తావుకి ఒక పక్క అచ్చయ్యాక రెండో పక్క వేస్తారు.

ఇందులో అందరూ పట్టించుకోని ముడి ఒకటుంది. టైపు చాలా ఖరీదైనది, ఏ ప్రెస్సు దగ్గరా పుస్తకం మొత్తానికి సరిపడా ఉండదు. కొన్ని పేజీలు అచ్చవగానే ఆ అక్షరాలు విడగొట్టి, మళ్లీ గళ్లలో వేసి, తర్వాతి పేజీలకు వాడాలి. అందువల్ల మొదటి పేజీ అచ్చు వేసే రోజునే ఎన్ని ప్రతులు కావాలో తేల్చుకోవాలి. తర్వాత జనం ఎగబడి అడిగినా మరో వంద వేయడం కుదరదు, మొదటినుంచీ మళ్లీ కంపోజ్ చేయాల్సిందే. ఎవరూ అడక్కపోతే కాగితమంతా దండగ. ఆ కాగితమేమో పాత నార గుడ్డలు కుళ్లబెట్టి, దంచి చేసింది. అచ్చు ఖర్చులో పెద్ద వాటా దానిదే.

ఇప్పుడు గుటెన్‌బర్గ్ బైబిలు లెక్క కడదాం. సుమారు 1280 పేజీలు. తావుని ఒక్క మడత వేస్తే నాలుగు పేజీలు, కాబట్టి ఒక్కో ప్రతికి 320 తావులు. దాదాపు 180 ప్రతులు వేశారు. కొన్ని తోలు మీద అచ్చయ్యాయనుకోండి, అన్నీ కాగితమే అనుకుని గుణిస్తే 57,600 తావులు. అయిదు వందల తావుల రీము చొప్పున నూట పదిహేను రీములు. ఇవన్నీ ముందే కొనాలి, అచ్చు పని ఏళ్ల తరబడి సాగుతుంటే పనివాళ్లకు జీతాలివ్వాలి, చివరి తావు ఆరేదాకా పైసా తిరిగి రాదు. సగం బైబిలు ఎవడు కొంటాడు?

ఆ డబ్బు యోహాన్ ఫుస్ట్ అనే వ్యాపారి అప్పుగా ఇచ్చాడు, 800 గుల్డెన్ల చొప్పున రెండు విడతలు. 1455లో వడ్డీతో సహా 2026 గుల్డెన్లు కట్టమని కోర్టుకెక్కాడు. బైబిలు పూర్తయ్యే వేళకి గుటెన్‌బర్గ్ చేతిలో వ్యాపారం నిలవలేదు. ఫుస్ట్ మాత్రం గుటెన్‌బర్గ్ దగ్గర పనిచేసిన పీటర్ షోఫర్‌ని పెట్టుకుని దర్జాగా ప్రెస్సు నడిపాడు.

ఇది ఒక్కడి దురదృష్టం కాదు. రోములో తొలి ముద్రాపకులు స్వైన్‌హైమ్, పన్నార్ట్జ్ అనే ఇద్దరు జర్మన్లు. సిసిరో, లివీ, వర్జిల్ లాంటి లాటిన్ మహామహుల్ని ఎక్కువగా 275 ప్రతుల చొప్పున అచ్చు వేశారు. 1472లో వీళ్ల తరఫున పోప్‌కి ఒక విన్నపం వెళ్లింది. ఇప్పటిదాకా వేసిన పుస్తకాల పట్టీ అంతా రాసి, మా ఇల్లు నిండా అచ్చయిన కాగితాలే ఉన్నాయి, తినడానికి మాత్రం ఏమీ లేదు, ఆదుకోండి అని దాని సారాంశం. మరుసటి ఏడాది వెనిస్‌లో కూడా పుస్తకాలు కొనేవాళ్లు లేక ప్రెస్సులు వరసగా మూతపడ్డాయి. అచ్చు వేయడం నేర్చుకున్నారు, ఎవరికి అమ్మాలో తెలియలేదు.

మరి ప్రెస్సులు ఎలా బతికాయి? మా ఊళ్లో ట్రెడిల్ మిషను ఉన్న ప్రెస్సు ఒకటుండేది. దాని యజమానికి కవిత్వమంటే పిచ్చి, కానీ ఆయన ఇంట్లో పొయ్యి వెలిగింది శుభలేఖలు, బిల్లు బుక్కులు, ఎన్నికల కరపత్రాల మీద. గుటెన్‌బర్గ్ కథా అంతే. బైబిలు పని నడుస్తుండగానే మైన్జ్ ప్రెస్సుల్లో చర్చి వాళ్ల పాపక్షమా పత్రాలు అచ్చయ్యాయి, డబ్బిచ్చి కొంటే పాపానికి పడే శిక్ష తగ్గుతుందని ఇచ్చేవి. సైప్రస్ ద్వీపాన్ని తురుష్కుల నుంచి కాపాడాలని చందా పోగుచేసిన పత్రాలవి. ఒకే పక్క, ముప్పై ఒక్క పంక్తులు, కొన్నవాడి పేరుకీ తేదీకీ ఖాళీలు. ఇవాళ్టి రసీదు బుక్కు లాంటివే. అప్పటి ప్రతులు చూస్తే 1454 అక్టోబరు తేదీ వేసినది కూడా దొరుకుతుంది. తేదీతో మిగిలిన ఐరోపా అచ్చు కాగితాల్లో ఇంతకంటే పాతవి లేవు. డబ్బు చర్చి ముందే ఇస్తుంది, అమ్ముకునే తలనొప్పి ప్రెస్సుది కాదు. ఇంతకంటే మంచి బేరం ఏముంటుంది!

ఈ క్షమాపత్రాల మీదే 1517లో లూథర్ గొడవకి దిగాడు. వాటిని తప్పుబడుతూ అతను రాసిన తొంభై అయిదు వాక్యాలంటే అందరికీ తెలిసిందే. వాటికి వచ్చిన పేరంతా అచ్చు మహిమే అంటారు, నాకు మాత్రం అవి సగం దారిలోనే ఆగాయనిపిస్తుంది. పండితుల చర్చ కోసం లాటిన్‌లో రాసినవి అవి. న్యూరెంబర్గ్, లైప్‌జిగ్, బాసెల్‌లలో అచ్చయ్యాయి, చదవగలిగినవాళ్లు చదివారు. రొట్టెలు కాల్చేవాడికీ చెప్పులు కుట్టేవాడికీ వాటితో పనిలేదు.

అసలు మలుపు 1518 వసంతంలో వచ్చింది. అదే విషయం మీద లూథర్ ఈసారి జర్మన్‌లో రాశాడు, ‘క్షమాపత్రాల గురించీ దైవకృప గురించీ ఒక ప్రసంగం’ అని. ఇరవై చిన్న చిన్న పేరాలు, మొత్తం కలిపి సుమారు 1500 మాటలు. నిలబడి పది నిమిషాల్లో పైకి చదివేయొచ్చు. పండితుల పేర్లు, గ్రంథాల ఉటంకింపులు దాదాపు లేవు. అవసరంలో ఉన్న పేదవాడికి సాయం చేయడం క్షమాపత్రం కొనడం కంటే మేలు అని సూటిగా చెప్పాడు.

ప్రెస్సు వైపు నుంచి దీన్ని చూడండి. ఒక తావుని రెండు మడతలు వేస్తే ఎనిమిది పేజీలు. పుస్తకం మొత్తం ఒక్క తావులో అయిపోయింది, మన ప్రెస్సుల భాషలో ఒకే ఫారం. వెయ్యి ప్రతులకి వెయ్యి తావులు, రెండంటే రెండు రీములు. ఒక పక్క నాలుగు పేజీలు కంపోజ్ చేసి వేయడం, తిప్పి రెండో పక్క వేయడం, ఇద్దరు ముగ్గురు మనుషులుంటే రెండు మూడు రోజుల పని. కుట్టక్కర్లేదు, బైండింగ్ అక్కర్లేదు, మడిచి అమ్మేయడమే. వారం తిరిగేలోగా పెట్టుబడి చేతికొస్తుంది. బైబిలుకి పట్టిన కాగితంతో ఇలాంటివి యాభై ఏడు రకాలు, ఒక్కోటి వెయ్యి ప్రతులు వేయొచ్చు. ఒకటి అమ్ముడుపోకపోయినా రెండు రీముల నష్టమే, ప్రెస్సు మునిగిపోదు.

ఇంకో సౌలభ్యం రవాణాది. పెద్ద పుస్తకాల్ని బైండు చేయకుండా పీపాల్లో పెట్టి బళ్ల మీద, పడవల మీద పంపేవారు. వాన, సుంకాలు, దొంగలు అన్నీ దారి ఖర్చులే. పొత్తాన్ని అలా మోయక్కర్లేదు. ఒక్క ప్రతి ఎవడి జేబులోనో పక్క ఊరు చేరితే చాలు, అక్కడి ముద్రాపకుడు దాన్ని ముందు పెట్టుకుని మళ్లీ కంపోజ్ చేసేస్తాడు. రచయితకి చెప్పేది లేదు, ఇచ్చేదీ లేదు. ఈ ప్రసంగం ఆ ఒక్క సంవత్సరంలోనే పదిసార్లకు పైగా లైప్‌జిగ్, న్యూరెంబర్గ్, ఆగ్స్‌బర్గ్, బాసెల్ లాంటి ఊళ్లలో తిరిగి అచ్చయింది. లూథర్‌కి దీనిమీద ఒక్క పైసా రాలేదు. పుస్తకాలు ప్రయాణం చేయడం వల్ల భావాలు పాకాయని మనం అనుకుంటాం. ఇక్కడ ప్రయాణం చేసింది ఒకటీ అరా ప్రతులు, మిగతా పని ఏ ఊరి ప్రెస్సు ఆ ఊళ్లోనే చేసిపెట్టింది.

జనం ఇలాంటి వాటి కోసం ఎంత ఎదురుచూశారో చెప్పే సాక్ష్యం లూథర్ శత్రువుల ఊరి నుంచే దొరుకుతుంది. లైప్‌జిగ్ ఏలిక జార్జ్ ప్రభువు పక్కా కాథలిక్, లూథర్ రాతల్ని తన రాజ్యంలో నిషేధించాడు. 1524లో లైప్‌జిగ్ ముద్రాపకుల తరఫున నగరసభ ఆయనకి మొర పెట్టుకుంది. లూథర్ ఉండే విట్టెన్‌బర్గ్ నుంచి వచ్చే కొత్తవి వేయకూడదు, అమ్మకూడదు అంటే మా వాళ్లకి ఇల్లూ వాకిలీ పోయేలా ఉంది. జనం అడిగేది ఉంచుకోనివ్వరు, ఉన్నదేమో గుట్టలుగా పడి ఉంది, ఊరికే ఇచ్చినా ఎవరూ పుచ్చుకోవడం లేదు అని. ఆ గుట్టలుగా పడి ఉన్నవి కాథలిక్ పండితుల జవాబులు. ముద్రాపకుడికి ఏ మతమైనా ఒకటే, కాగితం అమ్ముడైతే చాలు. సెన్సారు వేసినవాడు కూడా ఈ సంగతి అర్థం చేసుకోక తప్పలేదు.

సరే, కొన్నారు. చదివిందెవరు? 1500 ప్రాంతంలో జర్మన్ నేలల్లో చదవగలిగినవాళ్లు నూటికి అయిదుగురు అటూ ఇటూ అని చరిత్రకారుల అంచనా. పట్టణాల్లో ఇంకాస్త ఎక్కువ. కాబట్టి చదవడమంటే అప్పుడు ఒకడు చదవడం, పదిమంది వినడం. సారాయి కొట్లో, చర్చి బయట, పనిచేసే చోట ఎవరో ఒకరు గట్టిగా చదివేవారు. చిన్న వాక్యాలు, పేరాకి ఒకే సంగతి ఉన్న ఇరవై పేరాల ప్రసంగం ఈ పద్ధతికి అతికినట్టు సరిపోయింది. అట్ట మీద చెక్కబొమ్మ కూడా వేసేవారు, అక్షరం రానివాడికీ సంగతి తెలిసేలా.

వినేవాళ్లు రాసేవాళ్లుగా మారడం కూడా ఎంతో కాలం పట్టలేదు. 1525 మార్చిలో మెమింగెన్ అనే ఊళ్లో రైతుల ప్రతినిధులు చేరి పన్నెండు కోర్కెల పత్రం ఒకటి తయారుచేశారు. మా పాదిరీని మేమే ఎన్నుకుంటాం, వెట్టి ఉండకూడదు, అడవిలో కట్టెలు కొట్టుకోనివ్వాలి లాంటివి. దాన్ని రాయడంలో ముఖ్యుడు సెబాస్టియన్ లాట్జర్, జంతువుల బొచ్చుతోళ్లతో బట్టలు కుట్టే పనివాడు. యూనివర్సిటీ మొహం చూసినవాడు కాదు. పొత్తాలు చదివి, బైబిలు చదివి, ప్రతి కోర్కెకీ పక్కన మార్జిన్‌లో ఏ అధ్యాయం, ఎక్కడుందో గుర్తులు వేశాడు. చివరి అంశం ఇంకా బాగుంటుంది: వీటిలో ఏదైనా బైబిలు మాటకి విరుద్ధమని బైబిలుతోనే రుజువు చేయండి, ఆ కోర్కె వదులుకుంటాం అంటుంది. ఇది కూడా చిన్న పొత్తమే. కొద్ది నెలల్లో ఇరవై అయిదు సార్లు దాకా అచ్చయింది.

నాకు ఈ చరిత్ర మొత్తంలో బాగా నచ్చిన మనిషి లాట్జర్. సీసపు అక్షరం మనుషుల్ని మార్చింది అని ఎవరైనా అంటే నేను చూపించేది ఇతన్నే. అయితే కథ ఇక్కడ ఆగలేదు. ఆ మే నెలలో రాజుల సైన్యాలు రైతుల్ని ఊచకోత కోశాయి. తిరగబడిన రైతుల్ని కొట్టి చంపమని లూథరే ఒక పొత్తం రాశాడు. తన బొచ్చుబట్టల పనివాడు తన పుస్తకాన్ని తనలాగే చదవలేదని అతనికి అర్థమైంది.

అప్పటినుంచి ఊపు మారింది. పొత్తాల వరద తగ్గింది. 1528లో లూథర్, అతని తోటివాళ్లు సాక్సనీ పల్లెల్లో చర్చిలు తనిఖీ చేస్తూ తిరిగితే, పదేళ్ల అచ్చు హోరు తర్వాత కూడా పల్లెజనానికి చిన్న ప్రార్థన రాలేదు, కొందరు పాదిరీలకీ రాలేదు. అచ్చు పట్టణాల్ని కదిపింది కానీ పల్లెని తాకనే లేదన్నమాట. 1529లో లూథర్ మత పాఠాల్ని ప్రశ్నలూ జవాబులుగా చెప్పే చిన్న ప్రశ్నోత్తరి తెచ్చాడు. ముందు గోడకి తగిలించే పెద్ద కాగితాలుగా, తర్వాత పుస్తకంగా. ముందుమాటలో పాదిరీలకి గట్టిగా చెప్పాడు: ఏదో ఒక పాఠం ఎంచుకోండి, దాన్ని ఏడాదికో రకంగా మార్చకండి, పిల్లలచేత అక్షరం పొల్లుపోకుండా వల్లె వేయించండి. పొత్తం జనాన్ని వాదించమంది, ప్రశ్నోత్తరి వప్పజెప్పమంది. రెండూ ఒకే ప్రెస్సులో అచ్చయినవే.

ప్రశ్నోత్తరి దారిలో అందరికంటే దూరం వెళ్లిన దేశం స్వీడన్. 1686లో చర్చి చట్టం చేశారు. ప్రతివాళ్లూ చదవడం నేర్చుకుని దేవుడి మాట తమ కళ్లతో చూసుకోవాలి. బళ్లు కట్టలేదు, నేర్పే బాధ్యత ఇంటిదే, పిల్లలకి అమ్మానాన్న, పనివాళ్లకి యజమాని. పాదిరీ ఏటా వచ్చి ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి పరీక్ష పెట్టేవాడు. ఒక్కొక్కరికీ చదవడం ఎంత వచ్చు, ప్రశ్నోత్తరి ఎంత వచ్చు అని రిజిస్టరులో గుర్తులు వేసేవాడు. అది రాకపోతే చర్చిలో ప్రభు భోజనంలో చోటు లేదు, దాన్ని దాటితే గానీ పెళ్లి లేదు. ఎంత బద్ధకస్తుడికైనా చదువు రావడానికి ఇది చాలు!

ఆ రిజిస్టర్లు ఇప్పటికీ ఉన్నాయి. పద్దెనిమిదో శతాబ్దం రెండో సగానికి వచ్చేసరికి స్వీడన్‌లో పెద్దవాళ్లలో ఎక్కువమంది, మగా ఆడా తేడా లేకుండా, అచ్చు అక్షరం చదవగలిగారు. ప్రభుత్వ బడి చట్టం వచ్చింది 1842లో, అంటే ఇదంతా దానికి చాలా ముందు. కానీ వీళ్లలో రాయగలిగినవాళ్లు కొద్దిమందే. పాదిరీ రాత అడగలేదు, కాబట్టి ఇంట్లో ఎవరూ నేర్పలేదు. మిగతా దేశాల్లో అక్షరాస్యత కొలవడానికి చరిత్రకారులు పెళ్లి రిజిస్టర్లలో సంతకాలు లెక్కబెడతారు. స్వీడన్‌కి ఆ కొలబద్ద పెడితే ఊరంతా నిరక్షరాస్యులే అని తేలుతుంది, చదువు వచ్చినవాళ్లనే కళ్లెదుట పెట్టుకుని.

చదివించాలి గానీ రాయనివ్వకూడదు అని అక్కడ ఎవరైనా నోరు తెరిచి అన్నారని నేననను. కానీ చదవడం మాత్రమే నేర్చుకున్న మనిషి వచ్చింది పుచ్చుకుంటాడు, లాట్జర్‌లా జవాబు రాయలేడు. అందుకే అక్షరాస్యత నూటికి ఎంత అనే అంకె చూడగానే మురిసిపోవడానికి నాకు మనసొప్పదు. ఎవరు నేర్పారు, ఎందుకు నేర్పారు, నేర్చుకున్నాక ఏం చేయనిచ్చారు అన్నది ఆ అంకెలో కనపడదు.

మరి ఇంత జరిగాక కూడా అందరూ బైబిలు కథే ఎందుకు చెబుతారు? మిగిలింది అదే కాబట్టి. గుటెన్‌బర్గ్ వేసిన 180 బైబిళ్లలో నలభై తొమ్మిది ఇంకా ఉన్నాయి, మంచి కాగితం, మంచి బైండింగ్, లైబ్రరీలో భద్రంగా. అదే కాలంలో పిల్లల కోసం మళ్లీ మళ్లీ వేసిన దొనాటస్ లాటిన్ వ్యాకరణం తొలి ముద్రణలు ఒక్కటి కూడా పూర్తిగా దొరకలేదు. పిల్లల చేతుల్లో నలిగి చిరిగిపోయాయి. తర్వాతి తరం పుస్తకాల అట్టల్లోకి బైండర్లు దూర్చిన ముక్కలుగా మాత్రమే బయటపడుతున్నాయి. వాడినవి పోయాయి, వాడకుండా దాచినవి మిగిలాయి.

మన అచ్చు చరిత్రకీ లూథర్ తిరిగిన ప్రాంతానికీ ఒక చుట్టరికం ఉంది. తెలుగులో తొలి అచ్చు పుస్తకాలు మద్రాసులో పుట్టలేదు, 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలే పట్టణంలో పుట్టాయి. మద్రాసులో పనిచేసి వెనక్కి వెళ్లిన మిషనరీ బెంజమిన్ షుల్జ్ వేయించాడు. వాటిలో లూథర్ చిన్న ప్రశ్నోత్తరి కూడా ఉంది. విట్టెన్‌బర్గ్ అక్కడికి దగ్గరే. అంటే తెలుగు అచ్చు అక్షరం ప్రశ్నోత్తరి దారిలో మొదలైంది. పొత్తం దారి పట్టింది చాలా ఆలస్యంగా, మద్రాసు గుజిలీ అంగళ్లలో చవక కాగితం మీద అమ్మిన కథలు, పాటలు, శతకాలతో. పండితులు వాటిని గుజిలీ ప్రతులని ఈసడించారు, తప్పుల తడకలన్నారు. తప్పులున్న మాట నిజమే. పల్లెల్లో సాయంత్రం అరుగు మీద ఒకడు చదివితే పదిమంది విన్నది మాత్రం ఎక్కువగా వాటినే. అలాంటివి ఎన్ని అచ్చయ్యాయో, ఎవరు వేశారో చెప్పే పట్టీ మనకి పూర్తిగా లేదు. పాత ఇళ్ల అటకల మీద, సంతలో పాత పుస్తకాల కుప్పల్లో మీకెవరికైనా కనపడితే తూకానికి వేయకండి. ముందు ఫోటోలు తీసి పెట్టండి, అట్ట వెనక ఉన్న ప్రెస్సు పేరు, ధర, సంవత్సరం స్పష్టంగా కనపడేలా.